పెళ్లి కార్డు ఇమేజ్‌లో పేర్లు మార్చాలి, ఆ ఫాంట్ మాత్రం దొరకట్లేదు

మిర్యాలగూడ_శీను

అందరికీ నమస్తే. మా తమ్ముడి పెళ్లి కుదిరింది. అమ్మాయి వాళ్లది జడ్చర్ల. పోయినేడు మా పెద్దనాన్న కొడుకు పెళ్లికి చేయించిన వాట్సాప్ కార్డు మా అమ్మకు తెగ నచ్చింది. "అచ్చం అట్లాంటిదే కావాలె, పేర్లు మార్చు చాలు" అని పట్టుబట్టింది. అది చేసిన షాపు ఇప్పుడు లేదు. నా దగ్గర ఉన్నది జేపీజీ ఒక్కటే, కింద పెట్టాను చూడండి.

బ్యాక్‌గ్రౌండ్ మెరూన్, పై నుంచి కిందికి పోయేకొద్దీ ముదురవుతుంది. పైన పెద్దగా "శుభ వివాహం", మధ్యలో "చి|| నరేందర్", దాని కింద "చి||ల||సౌ|| భవాని". ఈ మూడూ ఒకే రకం బంగారు అక్షరాలు, చివరలు తీగల్లాగా మెలిక తిరిగి ఉంటాయి. ముహూర్తం, ఫంక్షన్ హాల్ వివరాలు మామూలు అక్షరాల్లో ఉన్నాయి, అవి నేను మార్చుకోగలను. నాకు కావాల్సింది "మహేందర్", "మాధవి". గూగుల్‌లో దొరికే తెలుగు ఫాంట్లు వరసబెట్టి వేసి చూశాను, ఒక్కటీ కలవలేదు. ఈ ఫాంట్ పేరు ఎవరికైనా తెలుసా?

పాలమూరు_రమ్య

ఇంత టెన్షన్ ఎందుకు అన్నా? ఫోన్‌లో పిక్సెల్‌ల్యాబ్ వేసుకుని, రామభద్ర ఫాంట్‌లో రెండు పేర్లు టైప్ చేసి బంగారు రంగు కొట్టు, అయిపోతుంది. మా అక్క పెళ్లికి నేను అట్లనే చేశాను. వాట్సాప్‌లో కార్డు వస్తే చుట్టాలు చూసేది తేదీ, హాలు, విందు టైము. అక్షరం వంపులు ఎవరు చూస్తారు?

మిర్యాలగూడ_శీను

రామభద్ర కూడా వేసి చూపించానమ్మా. "శుభ వివాహం ఒక తీరు, పిల్లల పేర్లు ఒక తీరు ఉన్నయేందిరా" అని మా అమ్మ చూడంగనే పట్టేసింది. లావు అక్షరాల పక్కన "చి||" మాత్రం పాత సన్నటి అక్షరంలో మిగిలిపోయింది, అది ఇంకా ఘోరం.

ఫ్లెక్సీ_యాదగిరి

తమ్మీ, అది అను ఫాంట్ లెక్కనే ఉంది. గూగుల్‌లో దొరికేవన్నీ యూనికోడ్ ఫాంట్లు. మన దిక్కు ప్రెస్సుల్లో, ఫ్లెక్సీ షాపుల్లో పెళ్లి కార్డులకు ఎక్కువగా వాడేది అను స్క్రిప్ట్, లేకపోతే శ్రీలిపి. అవి వేరే లోకం. అందుకే నీకు ఎంత వెతికినా దొరకదు. నల్లగొండలో గానీ మిర్యాలగూడలో గానీ ఏదైనా డీటీపీ షాపుకు పోయి కార్డు చూపించు, ఫాంట్ లిస్టు తెరిచి ఒక్కొక్కటి వేసి చూపిస్తరు. ఎల్లంగ అరగంట పని.

అది కూడా కాదనుకుంటే కార్డు మీద ఉన్న అక్షరాలనే కోసి అతికించు. "ందర్" ఎట్లాగూ ఉంది. "భవాని"లో "వా" ఉంది కదా, దానికి కొమ్ము తగిలిస్తే "మా" అయిపోతుంది. ధకు ద కింద ఒక గీత. పది నిమిషాలు.

మల్లేశం_డీటీపీ

యాదగిరి అన్న చెప్పిన దారి సరైందే, కానీ రెండు చోట్ల జాగ్రత్త పడాలి. వరసగా చెప్తాను.

ముందు ఇది ఫాంటా, చేత్తో గీసిన అక్షరాలా అన్నది తేల్చుకోవాలి. చేత్తో గీసినవైతే ఏ షాపులో వెతికినా దొరకవు. తేల్చడం సులువు. ఒకే అక్షరం రెండు చోట్ల ఉంటే దాన్ని ఒకదాని మీద ఒకటి పెట్టి చూడాలి. మీ ఇమేజ్‌లో "నరేందర్"లో ర రెండు సార్లు వచ్చింది. రేలోని ర ఒంటిని, ర్‌లోని ర ఒంటిని సగం పారదర్శకంగా చేసి పేర్చి చూశాను, అంచులతో సహా కలిశాయి. కాబట్టి ఫాంటే. కానీ న ఎడమ పక్కన ఆకులతో వెనక్కి తిరిగిన తీగ ఫాంట్‌లోది కాదు. భవాని భకు అది లేదు, శుభలో భకు కూడా లేదు. షాపువాళ్లు కోరల్‌డ్రాలో విడిగా తగిలించారు. పైగా పోతపోసినట్టు ఒకే మందం లేకుండా తీగల దగ్గర సాగదీశారు కూడా. అంటే అసలు ఫాంట్ దొరికినా మీకు ఈ కార్డు మీద ఉన్న రూపం నేరుగా రాదు. షాపుకు పోవద్దని కాదు, పోతే ఇది గుర్తుపెట్టుకోండి.

రెండోది, ఇమేజ్. మీరు పెట్టింది 900 బై 1600 ఉంది. వాట్సాప్‌లో ఫొటోగా వచ్చినప్పుడు కుదించేసింది. దీని మీద పని చేస్తే అక్షరాల అంచుల చుట్టూ మురికి మురికిగా చుక్కలు కనిపిస్తాయి. మీ అన్న ఫోన్‌లో షాపువాళ్లు పంపిన అసలు ఫైల్ ఉందేమో అడిగి, డాక్యుమెంట్‌గా పంపమనండి. పీడీఎఫ్ ఉందంటే పండగే. దాన్ని తెరిచి Properties లో Fonts చూస్తే ఫాంట్ పేరే ఉండొచ్చు. అక్కడ ఏమీ లేకపోతే అక్షరాలను గీతలుగా మార్చి పంపారని అర్థం, అయినా ఇంక్‌స్కేప్‌లో తెరిస్తే శుభ్రమైన ఆకారాలు దొరుకుతాయి. ఒక్క మాట, పీడీఎఫ్‌లో ఫాంట్ ఉన్నా మామూలుగా అందులో కార్డు మీద వాడిన అక్షరాలే ఉంటాయి. మ ఎక్కడా వాడకపోతే మ ఉండదు. దాన్ని బయటికి తీసి టైప్ చేసుకుందామంటే కుదరదు.

జడ్చర్ల_కిరణ్

మంచి టాపిక్ పెట్టారు. నాదీ ఇదే సమస్య. మా చెల్లె పెళ్లి కార్డులో పేరు "స్వప్న" అని వేశాం, ఆధార్‌లో ఇంటి పేరుతో సహా వేరే స్పెల్లింగ్ ఉంది. కళ్యాణ లక్ష్మికి అప్లై చేయాలి. కార్డు ఫొటోలో పేరు మార్చి అప్‌లోడ్ చేస్తే గుర్తుపడతారా?

మల్లేశం_డీటీపీ

కిరణ్ గారూ, ఇది ఆ సమస్య కాదు. శీను కొత్త కార్డు చేసుకుంటున్నాడు. మీరు అడిగేది అచ్చయి పంచేసిన కార్డును మార్చి సర్కారు ఆఫీసుకు రుజువుగా పెట్టడం. ఆ పని చేయకండి. కార్డు ఉన్నది ఉన్నట్టే పెట్టి, పేరు తేడా గురించి మీసేవలోనో తహసీల్దార్ ఆఫీసులోనో అడగండి.

జడ్చర్ల_కిరణ్

సరే అన్నా. అందరూ అదే అంటున్నారు.

మిర్యాలగూడ_శీను

మల్లేశం అన్నా, పీడీఎఫ్ లేదంట. కానీ షాపువాళ్లు మెయిల్‌లో పంపిన జేపీజీ దొరికింది, 1800 బై 3200 ఉంది. అంచులు చాలా నయం. ఫాంట్ కోసం ఇక్కడ రెండు షాపులు తిరిగాను. ఒకాయన ప్రియాంక అన్నాడు, ఇంకొకాయన అది కాదు, వేరేది అన్నాడు. టైప్ చేసి చూపిస్తే రెండూ కలవలేదు. అందుకే అక్షరాలు కోసి అతికించే దారే పట్టుకుందామనుకుంటున్నా. ఎక్కడ మొదలుపెట్టాలి? నాకు జింప్, ఇంక్‌స్కేప్ కొంచెం వచ్చు.

మల్లేశం_డీటీపీ

అవి రెండూ చాలు.

పని రెండు ముక్కలు. ఒకటి, పాత పేర్లు చెరిపి ఖాళీ మెరూన్ తయారు చేయడం. రెండోది, కొత్త పేర్ల ఆకారం తయారు చేయడం. అందరూ చేసే తప్పు ఏంటంటే ఈ రెండింటినీ కలిపి, బంగారు అక్షరాన్ని బంగారు రంగుతోనే కోసి పక్కన అతికిస్తారు. మీ అక్షరాల్లో బంగారం పైన లేతగా, కింద ముదురుగా ఉంది. పై వరసలోని హను తెచ్చి పేర్ల వరసలో పెడితే దాని మెరుపు ఒక ఎత్తులో, పక్క అక్షరం మెరుపు ఇంకో ఎత్తులో పడుతుంది. ఎంత బాగా అతికించినా అతుకు అక్కడే బయటపడుతుంది. కాబట్టి ముందు అక్షరాలన్నీ రంగు తీసేసి ఒట్టి నల్ల ఆకారాలుగా మార్చుకోండి. పేరు మొత్తం పేర్చాక బంగారం, నీడ ఒకేసారి వేయండి.

నల్లగా మార్చడానికి జింప్‌లో Colors > Components > Decompose లో RGB తీసుకోండి. మూడు పొరలు వస్తాయి. అందులో ఆకుపచ్చ పొర మాత్రమే ఉంచుకోండి. మెరూన్‌లో ఎరుపు ఎలాగూ ఉంది, బంగారంలోనూ ఎరుపు ఉంది, కాబట్టి ఎరుపు పొరలో రెండూ దగ్గరదగ్గరగా ఉంటాయి. ఆకుపచ్చ మెరూన్‌లో దాదాపు లేదు, బంగారంలో బాగా ఉంది. మీ ఇమేజ్‌లో చూశాను, బ్యాక్‌గ్రౌండ్ 10 దగ్గర, అక్షరాల్లో అన్నిటికంటే ముదురు చోటు కూడా 130 దగ్గర ఉంది. Threshold 80 దగ్గర పెడితే అక్షరం ఒక్కటే తెగి వస్తుంది, నీడ బ్యాక్‌గ్రౌండ్‌తో పాటు పోతుంది. అంతకు ముందు ఇమేజ్‌ను నాలుగింతలు పెద్దది చేసుకోండి, లేకపోతే అంచులు మెట్లు మెట్లుగా వస్తాయి. అక్షరం తెల్లగా వస్తుంది, Colors > Invert కొట్టి నల్లగా తిప్పండి. ఆ నలుపు తెలుపు బొమ్మను ఇంక్‌స్కేప్‌లో పెట్టి Path > Trace Bitmap చేస్తే గీతలుగా మారుతుంది. ముక్కలు విడదీయడానికి Break Apart, దాంతో పూడిపోయిన లోపలి సందులకు Difference. Simplify జోలికి పోవద్దు, సన్న తీగల కొసలు మొద్దుబారిపోతాయి.

ఇప్పుడు అక్షరాలు. మన దగ్గర ఉన్నవి శు, భ, వి, వా, హం, న, రే, ం, ద, ర్, భ, వా, ని. కావాల్సినవి మ, హే, ం, ద, ర్, తర్వాత మా, ధ, వి.

"ందర్" ఉన్న చోటు నుంచి కదిలించనే వద్దు. హ పై వరసలోని "హం"లో ఉంది, తలకట్టు తీసేసి రేలోని ఏత్వం పెట్టండి. మిగిలింది మ. వ ఒంటికి కుడి పక్కన కొమ్ము కలిపితే మ. ఆ కొమ్ము శులో ఉంది. గీత సన్నబడిన చోట కోయండి, వెడల్పు ఉన్న చోట కోస్తే అతుకు దగ్గర కణుపు లేస్తుంది. కొమ్ము మరీ కిందికి జారిస్తే "వు" అని చదువుతారు, అక్షరం అడుగు గీతకు సమంగా ఉండాలి.

ఇక యాదగిరి అన్నతో నేను ఒప్పుకోనిది "మా". వాకు కొమ్ము తగిలిస్తే మా కాదు. వాలో దీర్ఘం నెత్తి మీద తలకట్టు స్థానంలో వస్తుంది. మాలో తలకట్టు అట్లాగే ఉంటుంది, దీర్ఘం కొమ్ము కొసన పడుతుంది. హా, యా కూడా అంతే. కాబట్టి మ పూర్తిగా తయారు చేసుకున్నాక, వా నుంచి దీర్ఘం కొక్కెం ఒక్కటే కోసి కొమ్ము పైకొసకు కలపాలి.

ధకు ద తీసుకుని భ కింద ఉన్న గీత తెచ్చి పెట్టండి. భవాని భ నుంచే తీసుకోండి, అది ఇప్పటికే పేరు సైజులో ఉంది.

ఫ్లెక్సీ_యాదగిరి

మా విషయం నిజమే, అనులో టైప్ చేసినప్పుడు అది ఒకే ముక్కగా వస్తది కాబట్టి నాకు తోచలే. కానీ ఒక మాట అన్నా. మకు కొమ్ము శు నుంచి ఎందుకు? హ చివర కొమ్ము ఉండనే ఉంది. మ, హ, య ఒక జాతివి. శుకు తగిలించిన కొమ్ము విడి ముక్క, అది కొంచెం దూరంగా, వెడల్పుగా ఉంటది. హ కొమ్ము ఒంటికి అతుక్కుని పుట్టింది.

మల్లేశం_డీటీపీ

మంచి పాయింట్. శీను, రెండూ పెట్టి చూడు. ఏది బాగుంటే అది.

నకిరేకల్_వెంకన్న

మధ్యలో దూరుతున్నందుకు ఏమనుకోకండి. నాకు ఫొటోషాప్‌లో తెలుగు టైప్ చేస్తే వత్తులు, గుణింతాలు విడిపోయి పక్కపక్కన పడుతున్నాయి. ఇదీ ఫాంట్ సమస్యేనా?

స్వాతి_డిజైన్స్

ఫాంట్‌ది కాదు వెంకన్న గారూ. పేరాగ్రాఫ్ ప్యానెల్ మెనూలో World-Ready Layout ఎంచుకోండి. పాత వెర్షన్‌లో అది కనిపించకపోతే Preferences > Type లోకి పోయి భారతీయ భాషలకు ఉన్న టెక్స్ట్ ఇంజిన్ పెట్టుకుని, ఫొటోషాప్ మూసి తెరవండి. అను అక్షరాలకు ఈ గొడవ ఉండదు, కానీ అక్కడ ఫాంట్ మారిస్తే మొత్తం ఇంగ్లీషు పిచ్చి గీతలవుతుంది.

శీను గారికి నా సలహా వేరు. అక్షరాలు కోసి కుట్టడం వాట్సాప్ కార్డుకు చాలా ఎక్కువ పని. శుభ వివాహం అలాగే ఉంచండి. పేర్లు రెండూ, "చి||", "చి||ల||సౌ||" సహా, పూర్తిగా తీసేసి తీగలు లేని వేరే అక్షరంలో పెట్టండి. సురవరం గానీ మండలి గానీ సన్నగా, హుందాగా ఉంటాయి. రమ్య గారి ప్రయత్నం ఎందుకు తేలిపోయిందంటే, తీగల అక్షరానికి దగ్గరగా ఉండబోయి ఉండలేకపోయింది, పైగా చి|| పాతదే మిగిలింది. దగ్గరి పోలిక ఉన్న ఫాంట్ వేస్తే పొరపాటు చేసినట్టు కనిపిస్తుంది. పూర్తిగా వేరేది వేస్తే కావాలనే చేసినట్టు కనిపిస్తుంది.

మల్లేశం_డీటీపీ

స్వాతి గారి మాట డిజైన్‌గా సరైందే. నేనైనా కొత్త కార్డుకు అదే చేస్తాను. కానీ ఇక్కడ వాళ్ల అమ్మకు కావాల్సింది "అచ్చం అట్లాంటిదే".

స్వాతి_డిజైన్స్

అమ్మలు అచ్చం అట్లాంటిదే అంటారు, తీరా చూపిస్తే వేరేది కూడా బాగుందంటారు. నేను రోజూ చూసేదే.

మిర్యాలగూడ_శీను

మీకు మా అమ్మ తెలియదు అక్కా.

మల్లేశం అన్నా, నలుపు ఆకారాలు బాగానే వచ్చాయి. యాదగిరన్న చెప్పిన హ కొమ్మే మకు సరిగ్గా కూర్చుంది, శుది పెడితే మధ్యలో సందు ఎక్కువ కనిపించింది. కానీ పై వరస అక్షరాలు పెద్దవి కదా, ఎంత తగ్గించాలో తెలియట్లేదు. కంటితో చూసి తగ్గిస్తే హ ఒక్కటీ మిగతా వాటికంటే పలచగా ఉంది.

మల్లేశం_డీటీపీ

కంటిని నమ్ముకోవద్దు. సున్నతో కొలవండి. "వివాహం"లో సున్న ఉంది, "నరేందర్"లో సున్న ఉంది. ఒకే ఫాంట్ కాబట్టి వాటి ఎత్తుల నిష్పత్తే అన్ని అక్షరాలకూ. మీ పెద్ద ఇమేజ్‌లో పై సున్న 64 పిక్సెళ్లు, పేరులో సున్న 40. అంటే 62.5 శాతం. హ, వి, పై వరస నుంచి తెచ్చిన ఇంకే ముక్కైనా సరే, అంతే తగ్గించాలి. వెడల్పు, ఎత్తు రెండూ తాళం వేసి.

తర్వాత గీత మందం చూడండి. తగ్గించాక పై సున్న మందం, పేరులోని సున్న మందం ఒకటే అయితే పని అయిపోయినట్టే. పైది ఇంకా పలచగా ఉంటే, పేర్లకు షాపువాళ్లు సన్న అంచు గీత వేసి లావు చేశారని అర్థం. అప్పుడు ఇంక్‌స్కేప్‌లో తగ్గించిన ముక్కలకు Path > Outset కొంచెం కొంచెంగా ఇస్తూ సున్నలు రెండూ ఒకే మందం వచ్చేదాకా పోండి. హను చూస్తూ సరిచేయకండి, సున్నను చూస్తూ చేయండి. సున్న సరైతే హ దానంతటదే సరవుతుంది.

మిర్యాలగూడ_శీను

అదే అయింది అన్నా. పేర్లకు అంచు గీత ఉంది. ఔట్‌సెట్ ఇచ్చాక హ, మ, ద పక్కపక్కన ఒకేలా ఉన్నాయి.

ఇంకో తిప్పలు. "మహేందర్" పేరు "నరేందర్" కంటే వెడల్పు వచ్చింది. తీగతో కలిపితే కుడి అంచు పూల బార్డర్‌కు తగులుతోంది. పక్కల నుంచి కొంచెం నొక్కనా?

స్వాతి_డిజైన్స్

వద్దు! అడ్డంగా నొక్కితే నిలువు గీతలు సన్నబడతాయి, అడ్డ గీతలు అట్లాగే ఉంటాయి. చూసేవాళ్లకు ఏమైందో తెలియదు కానీ పేరు నలిగినట్టు కనిపిస్తుంది. రెండు పేర్లనూ, చి||, చి||ల||సౌ|| తో సహా, ఒకే శాతం తగ్గించండి. 92 శాతం చేస్తే సరిపోయేట్టుంది. ఆ తర్వాత "చి||"ను ఎడమకు జరిపి మొత్తం వరసను మధ్యకు తెండి. తీగను లెక్కలోకి తీసుకోకుండా అక్షరాలను మాత్రమే మధ్యకు తేవాలి.

మల్లేశం_డీటీపీ

ఒప్పుకుంటాను. తీగ గురించి ఇంకొకటి. అది న ఎడమ మొదలుకు అతికి ఉంది. మ మొదలు ఎత్తు వేరు. తీగను తిప్పి బలవంతంగా అతికించకుండా, తీగ కొస మ ఒంటి వెనక దాగేట్టు రెండు మూడు పిక్సెళ్లు లోపలికి తోసి, తర్వాత Union చేయండి. బంగారం వేశాక అతుకు కనిపించదు.

చెరపడం గురించి అడగలేదు మీరు. అయిందా?

మిర్యాలగూడ_శీను

క్లోన్ టూల్‌తో రుద్దాను అన్నా. బాగానే ఉందనిపించింది, ఫోన్‌లో బ్రైట్‌నెస్ పెంచితే మాత్రం మచ్చలు మచ్చలుగా ఉంది.

మల్లేశం_డీటీపీ

క్లోన్‌తో గ్రేడియంట్ మీద ఎప్పుడూ మచ్చలే వస్తాయి, ఒక ఎత్తులోని రంగు ఇంకో ఎత్తుకు చేరుతుంది కదా. మీ బ్యాక్‌గ్రౌండ్ పై నుంచి కిందికే మారుతుంది, పక్కలకు మారదు. కాబట్టి పేర్లున్న ఎత్తు మొత్తానికి, ఏమీ లేని చోట 20 పిక్సెళ్ల వెడల్పు నిలువు పట్టీ కోసి, దాన్ని అడ్డంగా సాగదీసి పేర్ల మీద కప్పేయండి. ప్రతి ఎత్తులో ఆ ఎత్తు రంగే ఉంటుంది. సాగదీసినందుకు అడ్డ చారలు లేస్తాయి, వాటి మీద కొంచెం బ్లర్, ఆపైన కొంచెం నాయిస్ వేస్తే మిగతా కార్డుతో కలిసిపోతుంది. కప్పేటప్పుడు అక్షరం అంచు వరకే కాకుండా నీడను, జేపీజీ మురికిని కూడా దాటి కప్పండి. ఆ మురికి 8 బై 8 గళ్లలో ఉంటుంది, కాబట్టి నీడ అయిపోయాక కూడా ఇంకో 16 పిక్సెళ్లు వదిలి పెట్టుకోండి.

మధ్యలో వెలుగు, చుట్టూ చీకటి ఉన్న గుండ్రటి గ్రేడియంట్‌కు మాత్రం ఈ చిట్కా పనిచేయదు.

మిర్యాలగూడ_శీను

చేశాను. ఇదిగో మొత్తం కార్డు. జర చూసి చెప్పండి.

పాలమూరు_రమ్య

అబ్బ, నేను గుర్తుపట్టలేను! నిజంగా అదే ఫాంట్ లెక్క ఉంది అన్నా. రామభద్ర మాట వెనక్కి తీసుకుంటున్నా.

పైన బార్డర్ మధ్యలో గుండ్రంగా ఇంగ్లీషులో ఎన్, బీ అని ఉంది చూశారా? అది పాత పెళ్లికొడుకు, పెళ్లికూతురి పొడి అక్షరాలు కదా?

మిర్యాలగూడ_శీను

అయ్యో, దాన్ని ఎవరం చూడలేదు! ఎం, ఎం చేయాలి.

స్వాతి_డిజైన్స్

కింద "కనిష్ఠ పుత్రుడు" అని కూడా అలాగే ఉంది. మీ తమ్ముడు చిన్నవాడే కాబట్టి మీకు సరిపోయింది, కానీ అమ్మాయి వైపు "జ్యేష్ఠ పుత్రిక" అన్నది సరేనా అడగండి.

కంటికి ఆనింది రెండు. పేర్ల ఎడమ పక్కన మెరూన్ కొంచెం నల్లగా ఉంది. మీరు పట్టీని బార్డర్ పక్కనే కోసినట్టున్నారు, పూల బార్డర్ నీడ దానిలోకి వచ్చింది. ఇంకొంచెం లోపలి నుంచి కోయండి. రెండోది, మీ కొత్త పేర్లు మరీ పదునుగా ఉన్నాయి. గీతలుగా మార్చి వేశారు కదా, అంచు కత్తిలా వచ్చింది. పైన శుభ వివాహం జేపీజీలో నలిగిన అంచుతో ఉంది. పేర్ల పొరకు అర పిక్సెల్ నుంచి ముప్పావు పిక్సెల్ గాసియన్ బ్లర్ ఇస్తే రెండూ కలుస్తాయి.

మల్లేశం_డీటీపీ

లేదా శుభ వివాహం కూడా మీ గీతల ఆకారంతోనే మళ్లీ వేసేయండి. ఎలాగూ ట్రేస్ చేసుకున్నారు. అన్నీ పదునుగా ఉంటే గొడవే లేదు. నాకు బ్లర్ చేయడం మనసొప్పదు.

స్వాతి_డిజైన్స్

ట్రేస్ చేసిన ఆకారం అసలు అక్షరం కాదు కదా మల్లేశం గారూ. పెద్ద సైజులో తీగల కొసలు కొంచెం గుండ్రబడి కనిపిస్తాయి. పై వరస ముట్టుకోకపోవడమే మేలు. సన్న బ్లర్ నష్టం లేదు.

ఫ్లెక్సీ_యాదగిరి

వాట్సాప్ ఎట్లైనా బ్లర్ చేసే పంపుతది. మీరిద్దరూ కొట్లాడకుండ్రి.

మిర్యాలగూడ_శీను

బ్లర్ పెట్టాను, పట్టీ మార్చాను, ఎం ఎం కూడా అయింది. అమ్మ ఓకే అంది. "జ్యేష్ఠ పుత్రిక" తప్పంట, వాళ్లకు మాధవి రెండో అమ్మాయి. "ద్వితీయ పుత్రిక" చేశాను.

ఇప్పుడు కొత్త తకరారు. అమ్మాయి నాన్న గారు ఈ ఇమేజ్ చూసి, ఇదే కార్డు అచ్చు వేయిద్దాం, పేర్లకు బంగారు రేకు మెరుపు కావాలంటున్నారు. హైదరాబాద్ ఛత్తా బజార్‌లో తెలిసినవాళ్లు ఉన్నారంట. ఈ ఫైల్ ఇస్తే సరిపోతుందా?

మల్లేశం_డీటీపీ

పిక్సెళ్లు చాలు. 5 అంగుళాల వెడల్పుకు 1800 పిక్సెళ్లంటే అంగుళానికి 360, అచ్చుకు 300 చాలంటారు. కానీ మీ కార్డు ఫోన్ ఆకారం. 5 అంగుళాల వెడల్పు పెడితే ఎత్తు దాదాపు 9 అంగుళాలు అవుతుంది. 5 బై 7 కార్డు కావాలంటే బార్డర్‌తో సహా మళ్లీ పేర్చాలి. సాగదీయకూడదు.

బంగారు రేకుకు మీ జేపీజీ అక్కర్లేదు. రేకు ఎక్కడ అంటాలో చూపించే ఒట్టి నల్ల ఆకారం వేరే ఫైల్‌గా అడుగుతారు. మీ ఇంక్‌స్కేప్ ఫైల్ సరిగ్గా అదే. నీడ, గ్రేడియంట్ తీసేసి, బ్లర్ లేని గీతలను పీడీఎఫ్‌గా ఇవ్వండి. శుభ వివాహానికి కూడా రేకు కావాలంటే అది కూడా ట్రేస్‌దే ఇవ్వాలి, వేరే దారి లేదు.

స్వాతి_డిజైన్స్

ఇచ్చే ముందు తీగ కొసలు కొలవండి. రేకు మరీ సన్న గీతలకు సరిగ్గా అంటదు, మధ్యలో తెగుతుంది. ఎంత సన్నం దాకా వాళ్ల మెషిన్ పట్టుకుంటుందో ముందే అడగండి. ఆకుల తీగ మొత్తాన్ని కొంచెం లావు చేయాల్సి రావచ్చు.

మిర్యాలగూడ_శీను

తీగ ఒక్కటే లావు చేస్తే అక్షరాలతో మందం తేడా రాదా?

ఫ్లెక్సీ_యాదగిరి

వస్తది. మా దగ్గర అయితే తీగను రేకు నుంచి తీసేసి, మామూలు పసుపు ఇంకులో కొట్టేవాళ్లం. మెరుపు పేర్లకే.

స్వాతి_డిజైన్స్

పసుపు ఇంకు పక్కన బంగారు రేకు పెడితే పసుపు వెలిసినట్టు కనిపిస్తుంది యాదగిరి గారూ. తీగ లేకుండానే అచ్చు వేయించడం నయం.

మిర్యాలగూడ_శీను

తీగ తీస్తే మా అమ్మ ఊరుకోదు. రేపు పొద్దున ఛత్తా బజార్ ఆయనకు ఫోన్ చేసి ఎంత మందం పడుతుందో అడిగి చెప్తాను.